జబ్బకు సూది

కాగితం మీద 4.1 అని ఉంది. దాని పక్కనే చిన్న అక్షరాల్లో, పది దాటితేనే రక్షణ ఉన్నట్టు అని ఉంది. హారతి రెండుసార్లు చదివింది. రెండుసార్లూ 4.1 అనే ఉంది.

"ఏంది, మొకం గట్ల పెట్టినవ్? ఫెయిలయినవా?" అంది ఊర్మిళ.

"అయిన అక్కా."

ఆసుపత్రిలో వాడిన సూదులు ఎక్కడ పడుతున్నాయి, గ్లవ్స్ ఎవరు వేసుకోవడం లేదు, ఏ సంచిలో ఏ చెత్త పోతోంది అనేవి చూసే నర్సు ఊర్మిళ. సిబ్బందికి వేసే టీకాల రిజిస్టరు కూడా ఆమె దగ్గరే ఉంటుంది. అమ్మానాన్నలది సిరిసిల్ల. ఆమె పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. హారతి చేతిలోంచి కాగితం తీసుకుని, హెపటైటిస్ బి టీకా కార్డు పక్కన పెట్టి చూసింది.

కార్డులో తారీకులు సరిగ్గానే ఉన్నాయి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడోది వేసుకుని రెండు నెలలు కావస్తోంది. యాంటీబాడీలు చూడాల్సింది కూడా అప్పుడే. కింద నవాగామ్‌లోని పరమేశ్ క్లినిక్ ముద్ర ఉంది.

"సిగరెట్ తాగుతవా?"

"ఛీ, అక్కా!"

"అడగాలె గదా. షుగరు లేదు, లావు లేవు, ఇరవై నాలుగేండ్లు. నూటికి ఐదారుగురికి, పదిమందికి గిట్ల మూడు డోసులకు గూడ రాదు. కానీ వాళ్లల్ల ఎక్కువ మంది నా అసొంటి ముసలోళ్లు." ఊర్మిళకు నలభై మూడు. "ఆ క్లినిక్‌ల ఫ్రిజ్ మంచిగుందా? టీకా గడ్డ కడితే పనికి రాదు."

"మంచిగనే ఉంది. నేను చూసిన. లోపల పాలు గిట్ల గూడ పెట్టరు."

"మరేంది?" అని తనను తానే అడుగుతున్నట్టు అని, కార్డు మూసింది. "సరే. మళ్ల ఇంకో కోర్సు మొత్తం ఏసుకోవాలె. మూడు డోసులు. బుధవారం రా, నేనే ఇస్త."

"మళ్ల గూడ రాకపోతే?"

"గప్పటి సంగతి గప్పుడు."

హారతి డయాలిసిస్ టెక్నీషియన్. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. యూనిట్ రెండో అంతస్తులో ఉంటుంది. పెద్ద హాల్లో ఎనిమిది మిషన్లు. హాలు చివర పసుపు తలుపు గదిలో తొమ్మిదోది. హెపటైటిస్ బి ఉన్న రోగులకు ఆ గది. ఆ గది మిషన్ బయటికి రాదు, బయటి క్లాంపు లోపలికి పోదు. అక్కడ డ్యూటీ పడ్డ మనిషి ఆ షిఫ్టులో హాల్లో రోగుల్ని ముట్టుకోకూడదు. ఆ మనిషి ఒంట్లో యాంటీబాడీలు ఉండాలి. లేనివాళ్లను ఊర్మిళ ఆ తలుపు దాటనివ్వదు.

యూనిట్‌లో టెక్నీషియన్లు ఐదుగురు. వంతులవారీగా అందరూ ఆ గదిలో పనిచెయ్యాల్సిందే. మేనేజరు గుజరాతీ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆ మధ్యాహ్నం హారతిని పిలిచి హిందీలో మెత్తగానే చెప్పాడు. ఆరు నెలల ప్రొబేషన్ అయ్యేసరికి అన్ని గదుల్లో పనిచెయ్యగల మనిషి కావాలి, లేదంటే కింద రిసెప్షన్‌లో ఖాళీ ఉంది, ఆలోచించుకో బెహన్, అన్నాడు.

రెండేళ్లు చదివి నేర్చుకున్న పని. డయాలిసిస్ కోసం రోగి చేతిలో కలిపి కుట్టే రక్తనాళాన్ని ఫిస్టులా అంటారు. దాని మీద వేలు పెట్టి, అది ఎటు పోతోందో చూసి, సూది ఏ వాలున దించాలో చెప్పగలదు. రిసెప్షన్‌లో ఆ వేళ్లతో టోకెన్లు ఇవ్వాలి.

ఇంట్లో చెబితే వాళ్ల నాన్న సోమలింగం తువ్వాలతో మెడ తుడుచుకుంటూ విన్నాడు. ఆయన సూరత్ దగ్గర జోల్వాలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుపుతాడు. పన్నెండు గంటల మోతలో ఉండి వచ్చిన మనిషి కాబట్టి ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతాడు.

"మళ్ల మూడు సూదులా? పరమేశ్ దగ్గరికే పోదాం తియ్యి."

"దవాఖానల్నే ఇస్తరంట బాపూ."

"మంచిది. పోయినసారి రెండు రోజులు కుంటుకుంట నడిచినవ్. ఆ దవాఖానోళ్లకు జర మెల్లగ ఇయ్యుమని చెప్పు."

బుధవారం నాడు ఊర్మిళ గదిలో టీకా సీసా, సిరంజి ట్రేలో సిద్ధంగా ఉన్నాయి. ఊర్మిళ చేతులు కడుక్కుని వెనక్కి తిరిగేసరికి హారతి గోడవైపు తిరిగి, బల్ల మీద మోచేతులు ఆనించి, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి ఉంది. ఒక చేత్తో చున్నీ పక్కకు తీసి, డ్రెస్సు అంచు పట్టుకుని ఉంది.

ఊర్మిళ సిరంజి ముట్టుకోలేదు.

"గదేంది? గట్ల నిలవడ్డవ్?"

హారతి తల తిప్పి చూసింది. "సూదికే గదా అక్కా."

"సూదికే. తుంటికి ఎవరిస్తమన్నరు?"

హారతి మెల్లగా నిటారుగా నిలబడింది.

"పరమేశ్ మామ తుంటికే ఇచ్చిండు. మూడూ."

"మూడూ తుంటికేనా?" ఊర్మిళ కుర్చీలో కూర్చుంది. "నువ్వు చదువుకున్నవ్ గద పోరీ. పెద్దోళ్లకు ఈ టీకా జబ్బకు ఇయ్యాలె అని నీకు తెల్వదా?"

"మా చదువుల ఫిస్టులా సూదే నేర్పిండ్రు అక్కా. టీకా ఇచ్చుడు నేర్పలే. మా బస్తీల ఏ సూదయినా తుంటికే. గదే మందు గదా అనుకున్న."

"మందు గదే. తుంటి మీద కొవ్వు ఉంటది. సూది కండ దాకా పోదు. మందు కొవ్వులనే కూసుంటది. ఒంటికి ఖబరే పోదు." కార్డు మళ్లీ తెరిచి చూసింది. ఏ చోట ఇచ్చారో రాసే గడి మూడు వరసల్లోనూ ఖాళీగా ఉంది. "నా తప్పు గూడ ఉంది. తారీకులు చూసిన, గడి చూడలే."

ఇద్దరూ డాక్టర్ చలపతి దగ్గరికి వెళ్లారు. ఆయన కిడ్నీల డాక్టరు, తెనాలి మనిషి, సూరత్ వచ్చి నాలుగేళ్లు. ఊర్మిళ చెప్పింది విని, కళ్లజోడు నుదుటి మీదకు నెట్టాడు.

"అయితే ఈ అమ్మాయికి టీకా పనిచెయ్యలేదని మనం అనకూడదు. టీకా సరిగ్గా పడనే లేదు. తుంటికిచ్చినవి లెక్కలోకి రావు. మొదట్నించి మొదలెట్టండి. ఇవాళ ఒకటి, నెలకొకటి, ఆరు నెలలకొకటి. మూడోదయ్యాక నెలా రెండు నెలల్లో పరీక్ష."

"అప్పుడు గూడ తక్కువొస్తే సార్?" హారతి అడిగింది. రెండు రోజులుగా ఆమెను నిద్ర పోనివ్వని ప్రశ్న అదే.

"వస్తే ఇంకో మూడు డోసులు, మళ్లీ పరీక్ష. దానికీ రాకపోతే, అసలు ఒంట్లో ఆ జబ్బే ముందునించి ఉందేమో చూస్తాం. లేదనుకో, కొందరి ఒళ్లు అంతేనమ్మా, టీకా మాట వినదు. అలాంటివాళ్లు కూడా ఈ పని చేస్తున్నారు. రక్షణ లేదని గుర్తుపెట్టుకుని జాగ్రత్తగా చేస్తారు. సూది గుచ్చుకుంటే వెంటనే ఇచ్చే ఇంజెక్షన్ వేరే ఉంది, అలాంటివాళ్లకు అది రెండుసార్లు ఇస్తాం. దానికోసం ఎవర్నీ రిసెప్షన్లో కూర్చోబెట్టక్కర్లేదు."

మేనేజరుతో కూడా ఆయన ఇదే మాట చెప్పాడు. మేనేజరు విన్నాడు. ఎనిమిది మిషన్లు, ఒక గది, ఐదుగురు మనుషులు అని వేళ్ల మీద చూపించాడు. చివరికి ప్రొబేషన్‌ను రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా పొడిగిస్తానన్నాడు. అప్పటిదాకా హారతి హాల్లోనే, పసుపు తలుపు వైపు పోకూడదు. ఫలితం చూసి అప్పుడు మాట్లాడదాం అన్నాడు.

ఊర్మిళ హారతి ఎడమ జబ్బకు సూది ఇచ్చింది. కార్డులో ఖాళీ గడి ఉన్న చోట 'ఎడమ జబ్బ' అని పెద్ద అక్షరాలతో రాసి కింద గీత గీసింది.

ఆ ఆదివారం సోమలింగం కూతుర్ని వెంటబెట్టుకుని పరమేశ్ క్లినిక్‌కు పోయాడు. దారంతా తిట్టాల్సిన మాటలు పోగు చేసుకున్నాడు. పరమేశ్ కాంపౌండరుగా మొదలై పాతికేళ్లుగా ఆ బస్తీకి సూదులు వేస్తున్నాడు. గదిలో ఒక బల్ల, దానికి ఆనుకుని నిలబడడానికి గోడకు బిగించిన ఇనుప కడ్డీ ఉన్నాయి. వందల చేతులు పట్టుకుని కడ్డీ మధ్యలో రంగు పోయింది.

"రా బావా. ఏందీ పొద్దుగాల్నే?"

"నా బిడ్డకు సూది తప్పిచ్చినవంట."

హారతి సంగతి చెప్పింది. పరమేశ్ నవ్వు ఆగిపోయింది.

"పాతికేండ్ల సంది తుంటికే ఇస్తున్న. సాంచాల మీది మనిషికి జబ్బకిస్తే ఊకుంటడా? రేపు చెయ్యి లేస్తలేదు, పోగు అతుకుడు ఎట్ల అని నా మీదికొస్తడు. మీరంతా గదే అడుగుతరు, గదే ఇస్త." అని ఆగి, సోమలింగం వైపు చూశాడు. "ఇంకోటి బావా. ఈ పోరిని మొదటిసారి తీస్కొచ్చిన దినం నేను చెయ్యి పట్టుకున్న. నువ్వే అన్నవు. పరీక్షలున్నయి, సూదులు గుచ్చే చెయ్యి వణుకుతది, చేతికి వద్దు తుంటికియ్యి అన్నవు. యాదికుందా?"

సోమలింగానికి గుర్తుంది. అవునన్నట్టు తల ఊపాడు.

పరమేశ్ ఫ్రిజ్ తెరిచి టీకా డబ్బా తీశాడు. అందులో మడతలు పెట్టిన పల్చటి కాగితం ఉంది. దాన్ని విప్పడం అదే మొదలని మడతలు చూస్తే తెలుస్తోంది. హారతి వేలు పెట్టి చూపించింది. పెద్దలకు జబ్బ కండకు ఇవ్వాలి, తుంటికి ఇవ్వకూడదు అని రెండు వరసల్లో ఉంది.

"గింత చిన్నగ రాస్తే ఎవనికి కనవడుతది," అన్నాడు పరమేశ్. తర్వాత పాత నోటుపుస్తకం తెరిచి వేలితో పేజీలు దించుకుంటూ పోయాడు. "నర్సింగు పిల్లలు, లాబు పిల్లలు కలిసి తొమ్మిది మంది నా దగ్గర ఏసుకున్నరు ఇది. ఫోను చెయ్యాలె." మొదటి ఫోను వాళ్ల ముందే చేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు సోమలింగం ఇంటి మలుపులో, "చెయ్యి నొస్తుందా?" అని అడిగాడు.

"జర."

"నొయ్యనియ్యి."

నెల గడిచింది. రెండో డోసు ఆ బుధవారమే ఉంది. మంగళవారం పొద్దున పది గంటలకు పాండేసర నుంచి ఒక మనిషిని చక్రాల కుర్చీలో తెచ్చారు. పేరు సంధ్యారాణి. నలభై ఏళ్లుంటాయి. భర్త రంగుల మిల్లులో పని. ఇంకో చోట డయాలిసిస్ చేయించుకుంటూ, ఊరు పోయి వచ్చి రెండుసార్లు మానేసింది. మొహం ఉబ్బి ఉంది. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. పాత రిపోర్టు మూడు నెలల కిందటిది. కొత్తగా రక్తం తీసి కిందికి పంపారు.

"రిపోర్టు వచ్చేదాకా ఆగితే ఈవిడ ఆగదు," అన్నాడు డాక్టర్ చలపతి. "విడి మిషన్ మీద పెట్టండి."

ఏ రక్తమో తెలియని మనుషుల కోసం హాలు చివరి మిషన్ ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. ఆ వరస ఆరోజు హారతిది.

"తెలుగోళ్లా?" అంది సంధ్యారాణి ఆయాసంలోనే.

"అవునక్కా. మాట్లాడకు. చెయ్యి వదులు."

మొదటి సూది బాగానే దిగింది. రెండోది తోలు దాటి లోపలికి పోతుండగా సంధ్యారాణికి దగ్గు తెరలా వచ్చింది. మొత్తం చెయ్యి ఎగిరింది. సూది బయటికి వచ్చి హారతి ఎడమ చూపుడువేలికి తగిలింది. గ్లవ్ మీద రక్తపు చుక్క ఉంది. అది ఎవరిదో తెలియలేదు.

"అయ్యో! గుచ్చుకుందా బిడ్డా?"

"చెయ్యి కదపకక్కా."

చిరంజీవి అనే టెక్నీషియన్ పక్క మిషన్ దగ్గర ఉన్నాడు. అతన్ని పిలిచి అప్పగించి, హారతి సింకు దగ్గరికి పోయి గ్లవ్ తీసింది. వేలి కొసన ఆవగింజంత చుక్క. తుడిస్తే పోతుంది. ఎవరూ సరిగ్గా చూడలేదు. చెబితే ఒక ఫారం నింపాలి, ఆ ఫారం మేనేజరు బల్ల మీదికి పోతుంది. పంపు విప్పి సబ్బు రాసింది. నీళ్లు పడుతుండగా కాగితం మీది 4.1 కళ్ల ముందుకు వచ్చింది. పంపు కట్టకుండానే అరిచింది.

"చిరంజీవీ! ఊర్మిళక్కకు ఫోన్ చెయ్యి. సూది గుచ్చుకుందని చెప్పు."

ఊర్మిళ మెట్లెక్కి వచ్చేసరికి హారతి ఇంకా వేలు నీళ్ల కింద పెట్టుకునే ఉంది.

"పిండలేదు గద?"

"లేదు. కడుగుతున్న."

"మంచిగ చేసినవ్. ఎన్ని గంటలకు?"

"పది ఇరవై."

ఊర్మిళ గడియారం చూసి చేతి మీద రాసుకుంది. హారతి నుంచి కూడా రక్తం తీసి లాబుకు పంపింది. పది నిమిషాల్లో కింద నుంచి సంధ్యారాణి రిపోర్టు వచ్చింది. హెచ్ఐవీ లేదు. హెపటైటిస్ సి లేదు. బి ఉంది.

అప్పుడు డాక్టరు చేసిన పని హారతికి ఆ తర్వాత కూడా గుర్తుండిపోయింది. ఆయన కంగారు పడలేదు. ఊర్మిళ రిజిస్టరు తెరిపించి, ఆ వరస మీద వేలు పెట్టాడు.

"లెక్కలో ఒక్క డోసే. అంటే రక్షణ లేనట్టే. రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ ఇద్దాం, ఇమ్యునోగ్లోబులిన్. ఇరవైనాలుగు గంటల్లోపు పడాలి, ఎంత తొందరైతే అంత మంచిది. దాంతోపాటు రెండో డోసు టీకా కూడా ఇవాళే. రేపటిదాకా ఎందుకు? నెల నిండిందిగా." కళ్లు ఎత్తి హారతిని చూశాడు. "ఆ తుంటి సంగతి నువ్వు చెప్పకపోయుంటే మూడు డోసులయ్యాయి, నాలుగయ్యాయి అనుకుంటూ ఇక్కడ తలలు గోక్కునేవాళ్లం."

"చెప్పలే సార్," అంది ఊర్మిళ. "నిలవడి చూపిచ్చింది."

హారతికి నవ్వు రాలేదు కానీ మనసు కొంచెం తేలికైంది.

ఇంజెక్షన్ మోతాదు బరువును బట్టి ఉంటుంది. డయాలిసిస్‌కు ముందు రోగుల్ని తూచే పెద్ద కాటా మీద ఆమెను నిలబెట్టారు. రోజూ తను నిలబెట్టే మనుషుల చోట తను నిలబడడం వింతగా అనిపించింది. యాభై కిలోలు. లెక్క వేస్తే మూడు మిల్లీలీటర్లు వచ్చింది. ఆసుపత్రి మందుల షాపులో అది లేదు. రింగ్ రోడ్డు అవతల ఒక హోల్‌సేల్ షాపులో ఉందని తేలింది. చిరంజీవి బండి తీసుకుని పోయాడు.

మధ్యాహ్నం సోమలింగం వచ్చాడు. జోల్వా నుంచి షిఫ్టు మధ్యలో వచ్చిన మనిషి. చొక్కా మీద తెల్లటి నూలు దూది అంటుకుని ఉంది. కూతురి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. చాలాసేపు ఆమె వేలి వైపు చూశాడు. అక్కడ చూడడానికేమీ లేదు.

"నేనే అన్న," అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం హారతి ఎప్పుడూ వినలేదు.

"ఏమన్నవ్?"

"చేతికి వద్దని."

"ఇప్పుడు ఇస్తున్నరు గద బాపూ. సాంచాలు ఎవరికి అప్పచెప్పినవ్?"

"పక్కోనికి. ఎన్ని పోగులు తెంపుతడో వాడు."

రెండుంబావుకు మందు వచ్చింది. ఊర్మిళ టీకా సిరంజి ఒకటి, ఇమ్యునోగ్లోబులిన్ సిరంజిలు రెండు ట్రేలో పెట్టింది.

"టీకా జబ్బకు. ఇది తొడ కండకు, రెండు తొడలకు సగం సగం. రెండూ ఒక్క చోట ఇయ్యద్దు."

"గిది గూడ తుంటికి వద్దా?" అంది హారతి.

"తుంటి పేరెత్తితే తంత. కూసో."

మూడు సూదులూ పడ్డాక హారతి కాసేపు కూర్చుంది. సోమలింగం ఊర్మిళను పక్కకు పిలిచి అడిగాడు.

"చెల్లే, ఇంట్ల పళ్లెం, గిలాస వేరే పెట్టాల్నా?"

"ఏం వద్దు అన్నా. ఒకే కంచంల తిన్నా ఏం కాదు. రక్తంతోటి వస్తది ఇది, అన్నంతోటి కాదు. కొన్ని నెలలు రక్తదానం ఇయ్యద్దు, గంతే. పనికి గూడ రావచ్చు."

"పరీక్ష ఎప్పుడు చేస్తరు?"

"ఇప్పుడు యాంటీబాడీలు చూస్తే వందలల్ల వస్తది. కానీ అవి మనం బయటి నుంచి పోసినయి. ఆరు నెలలకు అవి అరిగిపోతయి. ఈ పోరి ఒంట్ల సొంతంగ పుట్టినయో లేదో గప్పుడే తెలుస్తది. మూడో డోసు అయినంక రెండు నెలలకు అన్నీ కలిపి ఒక్కసారి చూద్దాం."

ఆ సాయంత్రం ఇంట్లో హారతి తల్లి అన్నం పెట్టి కొంచెం దూరంగా నిలబడింది. సోమలింగం కూతురి పళ్లెంలో నుంచి ఒక వంకాయ ముక్క తీసుకుని తిన్నాడు. తర్వాత ఇంకోటి తీసుకున్నాడు.

"నీ పళ్లెంల ఉన్నయి గద," అంది హారతి.

"నీయి మెత్తగున్నయి."

సంధ్యారాణికి పసుపు తలుపు గదిలో వారానికి మూడు రోజులు పడ్డాయి. లోపలికి పోయే ముందు ఆమె హాలులోకి తొంగి చూసేది. హారతి కనిపిస్తే ఒకసారి చేతులు జోడించేది. హారతి దూరం నుంచే వద్దన్నట్టు చెయ్యి ఊపేది. ఒకరోజు ఆమె భర్త ఒక సంచిలో జామకాయలు తెచ్చి హాలు గుమ్మం దగ్గర పెట్టి పోయాడు. "తినొచ్చా అక్కా?" అని హారతి ఊర్మిళను అడిగితే, "కడుక్కొని తిను. నాకు రెండు పెట్టు," అంది ఊర్మిళ.

చలికాలం వచ్చింది. మొదటి డోసుకు ఆరు నెలలు నిండిన రోజు మూడోది పడింది, ఎడమ జబ్బకే. అప్పటికి పరమేశ్ క్లినిక్‌లో గోడ కడ్డీ అలాగే ఉంది కానీ, దాని పక్కన ఒక కుర్చీ వచ్చింది. మనిషిని కూర్చోబెట్టి చొక్కా చెయ్యి పైకి మడవమని చెబుతున్నాడు. తొమ్మిది మందిలో ఏడుగురు మళ్లీ వేసుకున్నారు. ఒకరు ఫోను ఎత్తలేదు. ఒకమ్మాయి పెళ్లయి వేరే ఊరు పోయింది, ఆమె అన్న నంబరు తీసుకుని అతనికి చెప్పాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మేనేజరు హాల్లోకి వచ్చినప్పుడల్లా హారతి మిషన్ తెర వైపు తిరిగేది. కింద రిసెప్షన్‌లో ఖాళీ ఇంకా అలాగే ఉంది. అక్కడి కుర్చీ తను రోజూ లిఫ్టు కోసం నిలబడే చోటికి కనిపిస్తుంది. ఆమె మెట్లెక్కడం అలవాటు చేసుకుంది.

మార్చిలో రక్తం తీశారు. మూడు గొట్టాలు. మర్నాడు పదకొండు గంటలకు ఊర్మిళ హాలు గుమ్మం దగ్గర నిలబడి వేలితో రమ్మంది. మొహంలో ఏమీ లేదు. హారతి గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, తుడుచుకుని వెళ్లింది. ప్రతి పనికీ రోజూ కన్నా ఎక్కువసేపు పట్టింది.

"ముందు ఇది చూడు. సూది గుచ్చుకున్నదాని సంగతి." ఊర్మిళ మొదటి కాగితం ఇచ్చింది. జబ్బు లేదు. ఎప్పుడూ సోకిన జాడ కూడా లేదు.

"ఇంకోటి?"

ఊర్మిళ రెండో కాగితం ఇచ్చింది. 238 అని ఉంది. పక్కన చిన్న అక్షరాల్లో, పది దాటితేనే రక్షణ ఉన్నట్టు అని, పోయినసారి ఉన్నట్టే ఉంది. హారతి ఈసారి కూడా రెండుసార్లు చదివింది.

"ఇవి నీ సొంతయి," అంది ఊర్మిళ. "ఎవరూ పోసినయి కావు. మళ్ల మళ్ల పరీక్ష గూడ అక్కరలేదు. ఈ కాగితం పోగొట్టుకోకు, ఎక్కడ నౌకరీ చేసినా పనికొస్తది."

హారతి బయటికి వచ్చి సోమలింగానికి ఫోను చేసింది. సాంచాల మోతలో ఆయనకు ఏమీ వినిపించలేదు. "వచ్చిందా? వచ్చిందా?" అని అరుస్తూనే ఉన్నాడు. "వచ్చింది బాపూ," అని ఆమె మూడుసార్లు అరిచింది. మూడోసారికి ఆయన ఆ మాటే పక్కవాడికి అరిచి చెప్పడం ఫోనులో వినిపించింది.

మేనేజరు ఫారం మీద సంతకం పెట్టి, అభినందనలు బెహన్ అని మెత్తగా అన్నాడు. వచ్చేవారం డ్యూటీ పట్టీలో ఆమె పేరు మూడు రోజులు పసుపు తలుపు గదికి పడింది.

సోమవారం పొద్దున ఏడింటికి హారతి గౌను తొడుక్కుంది. మాస్కు, కళ్లకు అద్దం, రెండు చేతులకూ కొత్త గ్లవ్స్ వేసుకుంది. పసుపు తలుపు భుజంతో తోసి లోపలికి పోయింది. గది చిన్నది. కిటికీలోంచి ఫ్లైఓవరు కనిపిస్తోంది. మంచం మీద సంధ్యారాణి కూర్చుని ఉంది. ముందుకంటే మొహం సన్నబడింది.

హారతిని చూడగానే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? పోయి ఇంకెవర్నన్న పంపు. ఒక్కసారి అయింది సాలదా?"

"ఇంకెవరు లేరక్కా. ఇయ్యాల నేనే."

"నీకు మంచిగనే ఉందా?"

"రెండువందల ముప్ఫై ఎనిమిది ఉంది."

సంధ్యారాణికి ఆ అంకె అర్థం కాలేదు. హారతి మొహం చూసింది. తర్వాత చెయ్యి నెమ్మదిగా ముందుకు చాపింది.

హారతి ఫిస్టులా మీద వేలు పెట్టింది. కింద రక్తం గరగరలాడుతూ పోతోంది. ఎటు పోతోందో చూసుకుంది.

"దగ్గొస్తే ముందుగాల చెప్పు," అంది.

"రాదు. ఊపిరి బిగబట్టిన."

"బిగబట్టకు. ఊపిరి తీస్కో. దగ్గొస్తుందంటే చాలు, ఆగుత."

సంధ్యారాణి ఊపిరి పీల్చి వదిలింది. హారతి సూదిని వాలుగా దించింది. గొట్టంలో ఎర్రగా రక్తం మెదిలింది. టేపు అంటించి, రెండో సూది తీసింది.